చదవకుండానే సున్నా వేస్తారా?

పిల్లలు హోంవర్క్‌లో చాట్‌జీపీటీ లాంటి వాటిని ఎంతవరకు వాడవచ్చో చెబుతామంటూ హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు పాఠశాల మొన్న శనివారం తల్లిదండ్రులను పిలిచింది. ప్రిన్సిపల్ ప్రసంగం మొదటి సగంతో మాకు పేచీ లేదు. అర్థం కాని పాఠం గురించి అడిగి తెలుసుకోవచ్చు, సొంతంగా రాశాక తప్పులు చూపించమనవచ్చు, వాడితే వాడానని చివర ఒక వాక్యం రాయాలి అన్నారు. రెండో సగమే మమ్మల్ని కలవరపెట్టింది. ఇకపై టైపు చేసి పంపే హోంవర్క్‌ను డిటెక్టర్ సాఫ్ట్‌వేర్‌లో వేస్తారట. యంత్రం రాసిందని అది చెబితే సున్నా. ఆ సున్నా ఇంటర్నల్ మార్కుల్లో కలుస్తుంది. టీచరు ఆ వ్యాసాన్ని చదవాలన్న మాట ప్రసంగంలో ఎక్కడా లేదు. ఇందుకు ఒప్పుకుంటున్నామని రాసున్న కాగితం మీద తల్లిదండ్రుల చేత సంతకాలు పెట్టించుకుని మరీ పంపారు.

టీచర్ల ఇబ్బంది మాకు తెలియనిది కాదు, నలభై మంది రాతలు దిద్దేవాళ్లకు ఏదో ఒక సాయం కావాలి. కానీ చదవకుండా శిక్ష వేయడాన్ని సాయం అనలేం.

ఆ డిటెక్టర్ల సత్తా ఎంతో చూడండి. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్ఏఐ సంస్థే 2023 జనవరిలో అలాంటి పరికరాన్ని విడుదల చేసింది. యంత్రం రాసిన ప్రతి వందలో అది పట్టుకున్నవి 26. మనుషులు రాసిన ప్రతి వందలో తొమ్మిదింటిని యంత్రం ఖాతాలో వేసింది. ఈ లెక్కలు ఆ సంస్థ స్వయంగా ప్రకటించినవే. వెయ్యి అక్షరాల లోపు రాతల విషయంలో దాన్ని అసలు నమ్మొద్దని కూడా చెప్పింది. మన పిల్లలు రాసే జవాబులు చాలావరకు అంతకంటే చిన్నవే. కచ్చితత్వం లేదంటూ అదే ఏడాది జులైలో దాన్ని తీసేసింది. నలభై మంది తరగతిలో అందరూ నిజాయతీగా రాసినా, ఆ లెక్కన ముగ్గురో నలుగురో దొంగలవుతారు. తర్వాత వచ్చిన పరికరాలు మెరుగంటారు. ఎంత మెరుగో ప్రిన్సిపల్ చెప్పలేదు, తప్పుగా పట్టుబడిన పిల్లవాడు ఎవరికి మొరపెట్టుకోవాలో కూడా చెప్పలేదు.

ఆ తప్పు ఎవరి మీద పడుతుందో కూడా తెలిసిందే. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు డిటెక్టర్లను పరీక్షించారు. అమెరికాలో ఎనిమిదో తరగతి పిల్లలు రాసిన వ్యాసాల్లో అవి దాదాపు తప్పు చేయలేదు. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు టోఫెల్ పరీక్షకు రాసిన 91 వ్యాసాల్లో మాత్రం సగటున 61 శాతాన్ని యంత్రం రాసిందే అన్నాయి. కారణం కష్టమైనదేమీ కాదు. తర్వాత ఏ మాట వస్తుందో సులువుగా ఊహించగలిగితే డిటెక్టర్ దాన్ని యంత్రం రాతగా అనుమానిస్తుంది. తక్కువ మాటలతో, నేర్చుకున్న పద్ధతిలో జాగ్రత్తగా రాసేవాళ్లు అలాగే దొరికిపోతారు. ఇంకా ఘోరం ఏమిటంటే, అవే టోఫెల్ వ్యాసాల్లోని పదజాలాన్ని చాట్‌జీపీటీతో మెరుగుపరిపిస్తే తప్పుగా పట్టుబడేవి బాగా తగ్గిపోయాయి. అంటే సొంతంగా రాసిన పిల్ల శిక్షకు గురవుతుంది, చాట్‌జీపీటీతో మెరుగులు దిద్దించుకున్న పిల్ల తప్పించుకుంటుంది.

సమావేశం అయ్యాక ఒక తల్లి మాకు తన కూతురి రఫ్ నోట్‌బుక్ చూపించారు. ఐదో తరగతి వరకు తెలుగు మీడియం, ఇప్పుడు తొమ్మిది. నీటి పొదుపు మీద వ్యాసం. మొదటి పేరా మూడుసార్లు కొట్టేసి రాసింది. ‘వాటర్ ఈజ్ వెరీ ఇంపార్టెంట్’తో మొదలై, గైడ్లలో కనిపించే వరసలోనే సాగింది. వాళ్ల వీధిలో రోజు విడిచి రోజు వచ్చే ట్యాంకరు గురించి రెండు వాక్యాలున్నాయి. ట్రయల్ పేరుతో బడి నడిపిన డిటెక్టర్ ఈ వ్యాసాన్నీ యంత్రం ఖాతాలోనే వేసింది. ఆ రెండు వాక్యాలు చదివిన టీచరు ఎవరైనా అలా అంటారా? ఎవరూ చదవలేదు.

కాపీ పట్టుకోవడానికి టీచర్లకు దారులున్నాయి. రఫ్ రాత అడగండి. గూగుల్ డాక్స్‌లో రాస్తే వెర్షన్ హిస్టరీ తెరవండి, వ్యాసమంతా ఒక్క దెబ్బకు వచ్చి పడిందా, గంటసేపు మెల్లగా పెరిగిందా అన్నది కనిపిస్తుంది. అనుమానముంటే పిల్లను పిలిచి తను వాడిన రెండు మాటల అర్థం అడగండి. ఐదు నిమిషాల పని. కానీ ముందు చదవాలి.

ఒక బడిలో ఇది చెల్లిందంటే వచ్చే ఏడాదికి పది బడులు ఇదే కాగితం ముద్రిస్తాయన్నదే మా భయం. రేపు రికార్డు పుస్తకాలకు, ఎల్లుండి ప్రాజెక్టులకు ఇదే నియమం పెడతారు. ఎక్కడా ఎవరూ చదవరు. తల్లిదండ్రుల సంతకం ఉందిగా అంటారు. ఫీజు గడువు నోటీసు చేతిలో పెట్టుకుని, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని పెట్టిన సంతకాన్ని ఒప్పుకోలు అనడానికి ఆ ప్రిన్సిపల్‌కు మనసెలా వచ్చింది? బాధ్యతగా వాడాలని పిల్లలకు గంటసేపు చెప్పిన పెద్దమనిషి, తాను కొన్న సాఫ్ట్‌వేర్‌ను మాత్రం బాధ్యతగా వాడలేదు. ఆ కాగితాలు వెనక్కి ఇచ్చేయండి. ట్రయల్‌లో పట్టుబడ్డారన్న పిల్లల వ్యాసాలు బయటికి తీసి, టీచర్ల చేత ఒక్కొక్కటీ చదివించండి.