సవరణ: కాష్ మొత్తం బిట్ల లెక్కలో ట్యాగ్ తప్పు

"16 KB డేటా, 4 వర్డ్‌ల బ్లాక్, 32 బిట్ల అడ్రస్. డైరెక్ట్ మ్యాప్డ్, రైట్-బ్యాక్ కాష్. వ్యాలిడ్, డర్టీ బిట్లతో కలిపి మొత్తం ఎన్ని బిట్లు?"

నిన్న నేను 1,53,600 అని రాశాను. అది తప్పు. సరైన జవాబు 1,51,552.

బ్లాక్‌లో 4 వర్డ్‌లు ఉన్నాయి కదా అని ఆఫ్‌సెట్‌కి 2 బిట్లే తీసేశాను. కానీ అడ్రస్ బైట్‌లను లెక్కపెడుతుంది, వర్డ్‌లను కాదు. వర్డ్‌కి 4 బైట్‌లు కాబట్టి బ్లాక్ 16 బైట్‌లు, ఆఫ్‌సెట్ 4 బిట్లు. 16 KBని 16 బైట్‌లతో భాగిస్తే 1024 లైన్లు, అంటే ఇండెక్స్ 10 బిట్లు. ట్యాగ్‌కి మిగిలేది 18, నేను రాసిన 20 కాదు.

```
లైన్ = 128 + 18 + 1 + 1 = 148 బిట్లు
మొత్తం = 148 × 1024 = 151552 బిట్లు
```

అంటే 18.5 KB. డర్టీ బిట్ లైన్‌కి ఒక్కటే, వర్డ్‌కి ఒకటి కాదు. రైట్-త్రూ అయితే అదీ అక్కర్లేదు, లైన్‌కి 147 చాలు.

నా తప్పు నాకే ఎందుకు దొరకలేదంటే, 20+10+2 కూడా 32కే వస్తుంది! ఆ కూడిక చూసి మోసపోయాను. చూడాల్సింది ఇండెక్స్, ఆఫ్‌సెట్ల మొత్తం: డైరెక్ట్ మ్యాప్డ్‌లో 2ను ఆ ఘాతానికి పెంచితే డేటా సైజు బైట్‌లలో రావాలి. నాది 12, అంటే 4 KBయే. 14 ఉంటేనే 16 KB.

తమాషా ఏంటంటే, ఇదే కాష్ 4-వే అయితే ఇండెక్స్ 8కి తగ్గి ట్యాగ్ నిజంగానే 20 అవుతుంది. రీప్లేస్‌మెంట్ బిట్లు వదిలేస్తే, అప్పుడు నా పాత అంకె సరిపోయేది.