పీసీఆర్ 1.3 చూసి పందెం కాస్తారా?

"పీసీఆర్ 1.3 ఉందిరా, రేపు నిఫ్టీ పైకే." శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలిలో టీ తాగుతూ ఈ మాట అనే కుర్రాళ్లు ఇప్పుడు కొత్తేమీ కాదు. నా దృష్టిలో ఆ అంకె ఒక్కటే చూసి పందెం కాయడం కళ్లకు గంతలు కట్టుకోవడమే.

పీసీఆర్ అంటే పుట్-కాల్ నిష్పత్తి. మార్కెట్ పడితే కొన్నవాడికి లాభమిచ్చే ఆప్షన్ పుట్, పెరిగితే లాభమిచ్చేది కాల్. 1.3 అంటే 100 కాల్స్‌కు 130 పుట్‌లు తెరిచి ఉన్నాయని. అంతే. ప్రతి కాంట్రాక్టుకూ కొన్నవాడొకడు, అమ్మినవాడొకడు ఉంటారు. మార్కెట్ పడదన్న ధీమాతో పుట్‌లు అమ్మినా, పడుతుందన్న భయంతో కొన్నా ఓపెన్ ఇంటరెస్ట్, అంటే ఇంకా ముగియని కాంట్రాక్టుల లెక్క, ఒకేలా పెరుగుతుంది. తేడా ప్రీమియంలో, అంటే ఆప్షన్ ధరలో కనిపిస్తుంది. ఇండెక్స్ కదలకుండానే పుట్ ప్రీమియం, ఓపెన్ ఇంటరెస్ట్ రెండూ పెరిగితే కొనేవాళ్ల తొందర ఎక్కువని. ఓపెన్ ఇంటరెస్ట్ పెరిగి ప్రీమియం రోజులు గడిచేకొద్దీ ఉండే మామూలు కరుగుదల కంటే వేగంగా తగ్గితే అమ్మేవాళ్ల చెయ్యి పైన ఉందని.

పీసీఆర్ మరీ పైకో కిందికో పోయినప్పుడు మార్కెట్ వెనక్కి తిరుగుతుందని కొందరంటారు. కొన్నిసార్లు తిరుగుతుంది కూడా. ఎప్పుడన్నదే తేలదు.

విడి షేర్ల డెరివేటివ్స్, అంటే వాటి ఫ్యూచర్స్, ఆప్షన్ల కథ వేరు. 2019 అక్టోబరు నుంచి గడువు దాకా ఉంచినవన్నీ నగదు లెక్కతో కాక షేర్ల డెలివరీతోనే ముగియాలి. ఒక ఉదాహరణ చూడండి. 500 షేర్ల లాటు, 1,000 స్ట్రైక్ కాల్‌ను, అంటే షేరును వెయ్యికే కొనే హక్కును, షేరుకు 4 రూపాయల చొప్పున కొన్నారు. ఖర్చు 2,000. గడువు ముగిసే ఎక్స్‌పైరీ రోజు షేరు 1,006 దగ్గర ముగిసింది. నగదు సెటిల్‌మెంట్ అయితే 3,000 చేతికొచ్చి సంతోషంగా ఇంటికెళ్లేవారు. ఇక్కడ మాత్రం 5 లక్షలు కట్టి 500 షేర్లు తీసుకోవాలి! అంత సొమ్ము లేనివాళ్లను బ్రోకరు ముందే బయటికి పంపేస్తాడు, ఎందుకంటే చివరి నాలుగు రోజుల్లో డెలివరీ మార్జిన్ మెట్లెక్కుతుంది.

అందుకే ఎక్స్‌పైరీ వారంలో ఒక షేరులో ఓపెన్ ఇంటరెస్ట్ పడిపోయిందని గుండెలు బాదుకోనక్కర్లేదు. ఈ నెల, వచ్చే నెల ఫ్యూచర్స్ రెండూ కలిపి చూడాలి. మొత్తం నిలబడితే పొజిషన్లు ముందుకు జరిగాయి, అంతే. మొత్తమే తగ్గితే జనం నిజంగా దిగిపోయారు. డెలివరీ భయం దాటి చివరి రోజు దాకా ఉన్నవాళ్లలో చాలామంది దగ్గర డబ్బో షేర్లో ఉన్నాయి. నాకు ఆసక్తి వాళ్ల మీదే.

ఇండెక్స్ ఆప్షన్లకు ఈ వడపోత లేదు. పలాసలో జీడిపప్పు బేరం కుదిరితే సరుకు దింపాలి. ఇక్కడ సరుకే లేదు, అంతా నగదు లెక్కే, చివరి అరగంట సగటు ధరే తీర్పు. ఇండెక్స్‌లోని షేర్లు కొని, అమ్మి ఇండెక్స్‌ను కదిపి అంతకు ఎన్నో రెట్ల ఆప్షన్ల మీద లాభం తీశారన్నదే 2025 జులైలో అమెరికా ట్రేడింగ్ సంస్థ జేన్ స్ట్రీట్ మీద మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఆరోపణ. ఆ సంస్థ ఒప్పుకోలేదు. 2022 నుంచి 2024 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్లలో దిగిన వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారని లెక్కగట్టిందీ సెబీయే.

ఇండెక్స్‌ను డెలివరీ ఇవ్వలేమంటారు. నిఫ్టీలోని షేర్లన్నీ ఒక మూటగా ఉండే నిఫ్టీ ఈటీఎఫ్ యూనిట్లు రోజూ అమ్ముడవుతున్నాయి కదా, వాటితో సెటిల్ చేయమనండి. ఆ తర్వాత వచ్చే పీసీఆర్ చెప్పండి, నేనూ వింటాను.