బాణం గుర్తు పెట్టాల్సింది శిఖరం మీద కాదు

గ్రాఫ్‌లో గీత ఉన్నట్టుండి నిట్టనిలువుగా లేస్తే అందరూ చేసే పని ఒకటే. దాని కొసన ఒక బాణం గుర్తు పెట్టి, పక్కన నాలుగు ముక్కలు రాసి, వివరణ ఇచ్చేశామనుకుంటారు. ఇది సరిపోదు సరికదా, చాలాసార్లు చదివేవారిని పూర్తిగా తప్పుదారి పట్టిస్తుంది. దీనికి 2020 అక్టోబరు మొదటి వారంలో బ్రిటన్ ప్రకటించిన కరోనా కేసుల గ్రాఫ్‌ను మించిన ఉదాహరణ నాకు కనిపించలేదు.

జరిగింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. ల్యాబుల నుంచి వచ్చిన ఫలితాలను ఇంగ్లండ్ ప్రజారోగ్య సంస్థ పాతకాలపు ఎక్సెల్ ఫైళ్లలోకి ఎక్కించేది. ఆ XLS ఫార్మాట్‌లో ఒక షీట్‌కు 65,536 వరసలు మించి పట్టవు. ఒక్కో ఫలితానికి కొన్ని వరసలు పట్టేవి కాబట్టి, ఫైలు తొందరగా నిండిపోయి మిగతా కేసులు చడీచప్పుడు లేకుండా జారిపోయాయి. అలా సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 దాకా 15,841 కేసులు లెక్కలోకి రాలేదు. సంగతి బయటపడ్డాక వాటిని తెచ్చి శని, ఆదివారాల లెక్కలో కలిపారు. శుక్రవారం 6,968 ఉన్న అంకె శనివారం 12,872 అయింది. ఆదివారానికి 22,961కి చేరింది.

ఇప్పుడు ఆ 22,961 దగ్గర బాణం పెట్టి "సాంకేతిక లోపం వల్ల" అని రాశామనుకోండి. అందులో అబద్ధమేమీ లేదు. కానీ చదివినవారు ఏమనుకుంటారు? ఈ పెరుగుదల ఉత్తిదే, కంప్యూటర్ తప్పిదం, అసలు పరిస్థితి వెనకటిలాగే నిలకడగా ఉందనుకుంటారు. వాస్తవం దీనికి సరిగ్గా వ్యతిరేకం.

ప్రకటించిన అంకెలను సెప్టెంబరు 29 నుంచి వరసగా చూడండి: 7,143, 7,108, 6,914, 6,968. గీత చదునుగా ఉంది, కాస్త దిగుతున్నట్టు కూడా ఉంది. జారిపోయిన కేసులను ఏ రోజువి ఆ రోజుకు కలిపితే అవే నాలుగు రోజులు 8,558, 10,157, 11,047, 11,754 అవుతాయి. నాలుగు రోజుల్లో మూడో వంతుకు పైగా పెరుగుదల! వ్యాధి ఎగబాకుతున్న రోజుల్లోనే గ్రాఫ్ మాత్రం "టెన్షన్ పడకండి" అని చెప్పింది. పాజిటివ్ వచ్చినవారికి ఫలితం అందింది కానీ, వారిని కలిసినవారిని వెతికే బృందాలకు ఈ పేర్లు సకాలంలో చేరలేదు. అసలు నష్టం అక్కడ జరిగింది. అంటే ఈ గ్రాఫ్‌లో ఎక్కువ మోసం చేసింది అందరూ చూసిన శిఖరం కాదు, ఎవరూ పట్టించుకోని ఆ చదును భాగం.

కాబట్టి నోట్ రాయాల్సింది అక్కడ. సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 దాకా వెనుక లేత రంగు పట్టీ వేసి, "ఈ రోజుల లెక్క తక్కువగా ఉంది, 15,841 కేసులు చేరలేదు" అని దాని మీదే రాయాలి. శిఖరం దగ్గర "ఇందులో పాత రోజుల కేసులూ ఉన్నాయి" అని చిన్న వాక్యం చాలు. వీలైతే సవరించిన అంకెలతో చుక్కల గీత కూడా గీయాలి. ఆ చుక్కల గీత పైకి పోవడం, అసలు గీత చదునుగా సాగడం పక్కపక్కనే కనబడితే ఇంక వేరే వివరణ అక్కర్లేదు.

నిలువు గీత వేయాలా, పట్టీ వేయాలా అన్నది అందం కోసం తీసుకునే నిర్ణయం కాదు. నిలువు గీత "ఈ రోజున ఏదో మారింది" అని చెబుతుంది. చైనాలోని హుబే ప్రావిన్సులో 2020 ఫిబ్రవరి 12న కొత్త కేసులు ఒక్కసారిగా 14,840 అయ్యాయి. అందులో 13,332 ల్యాబ్ పరీక్షతో కాక, వైద్యుల నిర్ధారణతో లెక్కలోకి వచ్చినవి. అక్కడ కేసు అనే దాని నిర్వచనమే మారింది కాబట్టి నిలువు గీతే సరైనది. గీతకు అటూ ఇటూ ఉన్నవి ఒకే కొలత కావు కాబట్టి రెండు భాగాలనూ కలపకుండా విడగొట్టడం ఇంకా మంచిది. బ్రిటన్‌లో మారింది ఒక రోజు కాదు. ఎనిమిది రోజుల వ్యవధిలో లెక్క చెడింది. అక్కడ ఒక్క నిలువు గీత వేస్తే ఆ ఎనిమిది రోజులూ మళ్లీ కనుమరుగైపోతాయి.

సగటు గీత విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. ఎగుడుదిగుళ్లను చదును చేయడానికి ఏడు రోజుల సగటు వేస్తాం కదా. అక్టోబరు 4 నాటి 22,961 ఆ సగటులోకి ఒకసారి వచ్చిందంటే పదో తేదీ దాకా అందులోనే కూర్చుంటుంది. పదకొండున బయటికి పోతుంది. ఆ రోజు సగటు తగ్గినట్టు కనిపిస్తే అందులో ఎంత నిజంగా తగ్గిందో, ఎంత ఆ పెద్ద అంకె పోవడం వల్ల తగ్గిందో గీతను చూసి చెప్పలేం. వివరణ లేని శిఖరం వారం తర్వాత కూడా ఇంకో తప్పుడు కథ పుట్టించగలదు. ప్రకటించిన తేదీ బదులు పరీక్ష నమూనా తీసుకున్న తేదీ ప్రకారం గ్రాఫ్ గీస్తే ఈ శిఖరం దాదాపు మాయమవుతుంది, ఏ రోజు కేసులు ఆ రోజుకే చేరతాయి. అయితే అందులో చివరి నాలుగైదు రోజుల ఫలితాలు ఎప్పుడూ పూర్తిగా వచ్చి ఉండవు, గీత తోక దిగజారినట్టే కనిపిస్తుంది. అక్కడా ఒక పట్టీ తప్పదు.

గ్రాఫ్ మీద రాతలు ఎక్కువైతే గజిబిజి అవుతుందని, చదివేవారికి ముందే అభిప్రాయం నూరిపోసినట్టవుతుందని కొందరంటారు. గజిబిజి గురించి వారన్నది నిజమే, ప్రతి మలుపుకూ ఒక వార్తాశీర్షిక తగిలించే గ్రాఫులు నాకూ నచ్చవు. కారణం రుజువు కాకుండానే ఏదో సంఘటన తేదీన గీత వేసి "దీనివల్లే" అన్నట్టు చూపడం ఇంకా పెద్ద తప్పు. కానీ కొలత చెడిందన్న సమాచారం అభిప్రాయం కిందికి రాదు. అది అంకెలో భాగమే. దాన్ని దాచిన గ్రాఫ్ శుభ్రంగా ఉండవచ్చు గానీ నిజాయితీగా ఉండదు.

ఆ మాటలు గ్రాఫ్ కింద సన్న అక్షరాల్లో ఉంటే చాలదా అంటే, చాలదు. గ్రాఫులు ఇప్పుడు స్క్రీన్‌షాట్లుగా తిరుగుతున్నాయి. కింది నోట్‌ను కూడా కలిపి ఎవరూ పంపరు.

అసలు ఈ భారమంతా గ్రాఫ్ గీసేవారి మీద వదిలేయడమే నాకు మింగుడుపడని విషయం. అంకెలు ప్రకటించే సంస్థలు తప్పు దొరికినప్పుడు ఒక ప్రకటన ఇస్తాయి. ఆ ప్రకటన వెబ్‌సైట్‌లో ఏదో మూల ఉంటుంది. డౌన్‌లోడ్ చేసుకునే ఫైలులో మాత్రం తేదీ, అంకె తప్ప ఇంకేమీ ఉండదు. కొన్నిచోట్ల పాత అంకెను చెరిపేసి కొత్తది పెట్టేస్తారు, మారిందన్న ఆనవాలు కూడా మిగలదు. రెండేళ్ల తర్వాత ఆ ఫైలు తెరిచిన విద్యార్థికి ఆ శిఖరం ఎక్కడిదో ఎలా తెలుస్తుంది? ప్రజల డబ్బుతో సేకరించిన లెక్కల చరిత్ర ప్రజలకు దక్కాలి. ప్రతి ఫైలులో అంకె పక్కన ఇంకో కాలమ్ ఉండాలి. ఆ అంకె సవరించినదా, మొదట ఎంతని ప్రకటించారు, ఎందుకు మార్చారు, ఆ మార్పు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా వర్తిస్తుంది అన్నవి అందులో రాయాలి. అప్పుడు రంగు పట్టీ ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో గ్రాఫ్ గీసేవారు పాత వార్తలు తవ్వి ఊహించుకోనక్కర్లేదు, ఆ కాలమ్‌ నుంచే తీసుకోవచ్చు.