జీతం కుదిరింది, బుధవారం కుదరలేదు

మా బావమరిది ఉండేది ఉప్పల్‌లో. అతనికి కొత్తగా ఉద్యోగమిచ్చిన కంపెనీ నానక్‌రాంగూడలో ఉంది. మెట్రో రాయదుర్గం వరకే వెళ్తుంది కనుక, అక్కడి నుంచి ఆటో కోసం పడిగాపులు పడే సమయాన్ని కూడా లెక్కవేసుకుని, ఏడాదికి 24 లక్షల జీతం ఖాయమైన మరునాడే హెచ్.ఆర్. అమ్మాయికి ఫోన్ చేసి, బుధ, శుక్రవారాల్లో ఇంటి నుంచి పని చేసుకోనిమ్మని అడిగాడు.

"మాది హైబ్రిడ్ పాలసీ అండీ, మీరు చేరాక మేనేజర్ గారు చూసుకుంటారు" అని ఆమె ఎంతో తీయగా సెలవిచ్చింది. అతని భార్య మాత్రం ఆఫర్ లెటర్ తెరిచి, వారానికి 5 రోజులూ ఉదయం 9.30 నుంచి సాయంత్రం 6.30 వరకు ఆఫీసులోనే ఉండాలన్న వాక్యంపై వేలు పెట్టి చూపించి, "పాత ఉద్యోగానికి రాజీనామా ఇవ్వకముందే దీన్ని తేల్చుకోండి, తరువాత అడిగితే మన మాట ఎవరూ వినరు" అంది.

అతడు ఆ రెండు రోజుల పేర్లతో మెయిల్ పెట్టాడు. జవాబుగా, బుధవారం సంగతి కష్టమనీ, కావాలంటే 50 వేల రూపాయల జాయినింగ్ బోనస్ ఇప్పిస్తామనీ హెచ్.ఆర్. వారు తెలియజేశారు; ఏడాదిలోపు మానేస్తే ఆ సొమ్ము తిరిగి కట్టాలట. ఇది వింతగా తోచవచ్చు గానీ, డబ్బు మంజూరు చేయడానికి ఆఫీసులో ఒక దారి, ఒక పద్దు ఉంటాయి; బుధవారానికి అలాంటి పద్దేమీ ఉండదు, పైగా ఒకరికిస్తే టీములో అందరూ అడుగుతారన్న భయం ఒకటి. నిజానికి ఆ వరం మేనేజర్ చేతిలోనే ఉంటుంది. మా వాడు నేరుగా ఆయననే అడిగితే, ఆయన పది నిమిషాల్లో "సరే" అని మెయిల్ ఇచ్చాడు. ఆ మాటనే లెటర్‌లో కలపమంటే, నమూనా మార్చడం కుదరదని, మెయిల్ ఉంది కదా అని హెచ్.ఆర్. వారు సర్దిచెప్పారు. మా వాడు సంతోషంగా అంగీకరించాడు.

పాత కంపెనీలో 90 రోజుల నోటీసు ముగించుకుని చేరేసరికి, ఆ మేనేజర్ రాజీనామా చేసి, పూర్తిగా ఇంటి నుంచే పనిచేసే మరో ఉద్యోగానికి వెళ్లిపోయాడు. కొత్త మేనేజర్‌కు ఆ మెయిల్ సంగతే తెలియదు. గేటు దగ్గరి స్వైప్ యంత్రానికైతే మెయిళ్లు చదివే అలవాటే లేదు. అది మొదటి బుధవారమే మా వాడికి గైర్హాజరు వేసి, జీతం కోతకు సిఫారసు చేసింది.

పాత ఒప్పందం కనుక దాన్ని ఒప్పుకున్నవారే ఆమోదించాలంటూ హెచ్.ఆర్. వారు ప్రత్యేక మినహాయింపు కోసం టికెట్ వేయించారు. అది ప్రస్తుతం, కంపెనీ వదిలిపెట్టి వెళ్లిపోయిన పాత మేనేజర్ ఆమోదం కోసం ఆయన ఇన్‌బాక్స్‌లో ఎదురుచూస్తోంది.