ఎముకకు కసరత్తు దొరికింది, కంటికి ఇంకా దొరకలేదు

అంతరిక్షంలో నెలల తరబడి ఉంటే మనిషికి ఏమవుతుందని అడిగితే ఎక్కువ మంది ఎముకల గురించే చెబుతారు. అది నిజమే. కానీ ఆ సమస్యకు చాలావరకు దారి దొరికింది. నన్ను అడిగితే, అంగారక యాత్ర సాధ్యమా కాదా అన్న చర్చను ఎముకలతో కాదు, కంటితో మొదలుపెట్టాలి.

ముందు ఎముకల సంగతి చూద్దాం. మన ఎముక ఎప్పటికీ పూర్తికాని కట్టడం. ఒక రకం కణాలు పాత ఎముకను తొలుస్తూ ఉంటే, మరో రకం కొత్తది పోస్తూ ఉంటాయి. ఎంత పోయాలో చెప్పేది దాని మీద పడే బరువు. భారరహిత స్థితిలో ఆ బరువు లేదు. తొలిచే పని సాగుతుంది, పోసే పని వెనకబడుతుంది. సరైన వ్యాయామం లేని రోజుల్లో తుంటి ఎముక సాంద్రత నెలకు ఒకటి నుంచి ఒకటిన్నర శాతం దాకా తగ్గేది. కరిగిన కాల్షియం మూత్రంలోకి చేరి కిడ్నీలో రాళ్ల ముప్పునూ పెంచేది.

కారణం బరువు లేకపోవడమే కాబట్టి బరువును తెచ్చిపెట్టారు. 2008లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి ఒక వ్యాయామ యంత్రం చేరింది. బరువు పలకలు అక్కడ పనిచేయవు. అందుకే ఇందులో గాలి తీసేసిన సిలిండర్లు ప్రతిఘటనను ఇస్తాయి. దాదాపు 270 కిలోలకు సమానమైన భారంతో గుంజీలు తీయవచ్చు. వ్యోమగాములు రోజుకు రెండు, రెండున్నర గంటలు వ్యాయామానికే కేటాయిస్తారు. దీనికి సరిపడా ఆహారం, విటమిన్ డి తోడైతే చాలామందిలో సాంద్రత దాదాపుగా నిలబడుతోంది. లోపలి అల్లిక కూడా అంతే బాగా నిలుస్తుందా అన్నది వేరే సంగతి. ఆరు నెలలు దాటి ఉండి వచ్చిన కొందరిలో ఏడాది తరువాత కూడా కాలి ఎముక మునుపటి బలానికి చేరలేదు. అయినా ఇక్కడ శత్రువు ఎవరో తెలుసు, ఆయుధమూ ఉంది.

కంటి విషయంలో అంత తేలికగా లేదు. 2009లో అంతరిక్ష కేంద్రంలో ఉన్న మైకేల్ బారట్, రాబర్ట్ థర్స్క్ ఇద్దరూ వైద్యులే. దగ్గరి అక్షరాలు మసకబారుతున్నాయని ఇద్దరూ గమనించారు. అక్కడున్న పరికరంతో ఒకరి కళ్లను ఒకరు పరీక్షించుకున్నారు. కంటి వెనుక నరం ప్రవేశించే చోట వాపు ఛాయలు కనిపించాయి. రెండేళ్ల తరువాత వెలువడిన ఒక వైద్య పత్రంలో ఏడుగురు వ్యోమగాముల కళ్లను వివరించారు: కొందరికి నరం మొదట్లో వాపు, కొందరికి కనుగుడ్డు వెనుక భాగం చదునెక్కడం, కొందరికి రెటీనా కింది పొరలో ముడతలు. మూడు వందల మంది పాత వ్యోమగాములను అడిగిన సర్వేలో, దీర్ఘయాత్రలు చేసినవారిలో దాదాపు సగం మంది దగ్గరి చూపు తగ్గిందన్నారు.

చూపు ఎందుకు మారుతుందో అర్థం కావాలంటే కనుగుడ్డు పొడవు గుర్తుంచుకోవాలి. వెనుక గోడ ఒక మిల్లీమీటరులో మూడో వంతు ముందుకు వస్తే చాలు, కళ్లజోడు నంబరు సుమారు ఒకటి మారిపోతుంది. దృశ్యం రెటీనా మీద కాక దాని వెనుక కుదురుతుంది, పుస్తకం మసకబారుతుంది. నలభై దాటినవారికి భూమ్మీదే ఈ ఇబ్బంది ఉంటుంది కనుక, వయసు ప్రభావమని చాలాకాలం కొట్టిపారేశారు. ఇప్పుడైతే యాత్రకు ముందే ఎక్కువ పవరున్న అద్దాలు వెంట ఇస్తున్నారు. అద్దం అక్షరాన్ని సరిచేస్తుంది, నరం వాపును కాదు.

ఆ గోడను నెట్టేదేమిటి? గురుత్వం లేనప్పుడు కాళ్లలోని ద్రవం, రమారమి రెండు లీటర్లు, పైకి చేరుతుంది. వ్యోమగాముల ముఖాలు ఉబ్బి, కాళ్లు సన్నబడటం అందుకే. కనుక తలలో ఒత్తిడి విపరీతంగా పెరిగి కంటిని వెనుక నుంచి నొక్కుతోందని మొదట అనుకున్నారు. అయితే చికిత్స కోసం తలలో ద్రవాన్ని చేరుకునే అమరిక ముందే ఉన్న కొందరు స్వచ్ఛందంగా, క్షణాలపాటు భారరహిత స్థితి కలిగించే విమానాల్లో ఎగిరారు. కొలిస్తే, తలలో ఒత్తిడి నేలమీద పడుకున్నప్పటికంటే కాస్త తక్కువే! కూర్చున్నప్పటికంటే మాత్రం ఎక్కువ.

ఆలోచించాల్సింది ఇక్కడే. మనం రోజులో పదహారు గంటలు నిటారుగా ఉంటాం, అంతసేపూ మెదడు చుట్టూ ఉన్న ద్రవం కిందికి దిగి కంటి నరానికి ఊరట దొరుకుతుంది. అంతరిక్షంలో ఆ ఊరట ఒక్క రోజు కూడా లేదు. ఒత్తిడి పెద్దది కాదు, విరామం లేనిది. ఈ వివరణే అన్నిటికీ జవాబు కాకపోవచ్చు, ఇంకా వాదనలున్నాయి. కానీ ఇదే నిజమైతే రెండు గంటల గుంజీలు కంటికి ఎందుకు పనికిరావో తెలుస్తుంది. ఎముకకు రోజులో కొద్దిసేపు భారం చాలు. కంటికి కావలసింది రోజంతా గురుత్వం. నడుము కింది భాగాన్ని తక్కువ పీడనంలో ఉంచి ద్రవాన్ని కిందికి లాగే రష్యన్ సూటును ప్రయత్నించారు, కానీ దానిలో గంటల తరబడి పనిచేయలేరు.

దీనికి రేడియేషన్ ఏం జోడిస్తుంది? నేరుగా కంటినుంచే మొదలుపెట్టవచ్చు. అపోలో వ్యోమగాములు కళ్లు మూసుకున్నా మెరుపులు చూశారు. కాస్మిక్ కణాలు వారి రెటీనా గుండా దూసుకుపోయిన జాడలవి. కటకం కణాలు దెబ్బతింటే తిరిగి మార్చుకునే వీలు తక్కువ. 295 మంది వ్యోమగాముల మీద జరిపిన పరిశీలనలో, కటకానికి తగిలిన రేడియేషన్ మోతాదు 8 మిల్లీసీవర్ట్‌లు దాటినవారికి శుక్లం ముందుగా వస్తున్నట్టు తేలింది. అంతరిక్ష కేంద్రంలో అంత మోతాదు రెండు మూడు వారాల పని. అక్కడ భూ అయస్కాంత క్షేత్రం ఇంకా కాపలా కాస్తోంది కూడా.

దాన్ని దాటితే లెక్క మారుతుంది. 2011–12లో క్యూరియాసిటీ రోవర్ అంగారకుడి వైపు వెళుతూ దారిలో రోజుకు సుమారు 1.84 మిల్లీసీవర్ట్‌లు నమోదు చేసింది. వెళ్లడానికి 180 రోజులు, రావడానికి 180 రోజులు అనుకుంటే ప్రయాణంలోనే దాదాపు 660. అక్కడ 500 రోజులు ఉంటే నేల మీద రోజుకు 0.64 చొప్పున మరో 320. మొత్తం 980. నాసా 2022లో ఒక వ్యోమగామి ఉద్యోగ జీవితమంతటికీ పెట్టిన పరిమితి 600. గోడలు మందం చేస్తే సరిపోతుందనుకుంటాం. అయితే బరువైన కణాలు అల్యూమినియంను ఢీకొని కొత్త కణాల జల్లును పుట్టిస్తాయి. హైడ్రోజన్ ఎక్కువగా ఉండే ప్లాస్టిక్, నీరు మెరుగైనవే, కానీ సరిపడా మందం ఉంచితే నౌక బరువు భరించలేం.

అందుకే ప్రయాణ కాలాన్ని కుదించే ఇంజిన్ల మీదా, తిరిగే నౌకతో కృత్రిమ గురుత్వం కల్పించడం మీదా ఖర్చు పెట్టాలన్నది నా అభిప్రాయం. మొదటిది రేడియేషన్‌ను తగ్గిస్తుంది, రెండోది ఎముకకూ కంటికీ ఒకేసారి పనికొస్తుంది. ఇంకొన్ని వ్యాయామ పరికరాలు తెలిసిన సమస్యకే తెలిసిన మందు.

ఒకే యాత్రలో ఎక్కువ కాలం ఉన్న రికార్డు వాలెరీ పోల్యకోవ్‌ది: 1994–95లో 437 రోజులు, అదీ అయస్కాంత క్షేత్రం లోపల. ఆ రక్షణ దాటి చంద్రుడిదాకా వెళ్లిన అపోలో యాత్రల్లో అన్నిటికన్నా పొడవైనది 1972 నాటి అపోలో 17. అది పన్నెండున్నర రోజులు సాగింది. దీర్ఘకాల భారరహిత స్థితి, లోతైన అంతరిక్షంలోని రేడియేషన్ కలిసి నెలల తరబడి ఒకే శరీరం మీద పనిచేస్తే కటకానికీ కంటి నరానికీ ఏమవుతుందో చెప్పగల మనిషి ఇప్పటిదాకా ఒక్కరూ లేరు.