స్క్రీన్‌షాట్‌ని 300 డీపీఐ చేస్తే ప్రింట్ తేటగా వస్తుందా?

“స్క్రీన్‌షాట్లు 72 డీపీఐలోనే సేవ్ అవుతాయి, అందుకే ప్రింట్ తీస్తే మసకగా వస్తాయి. ఫైల్‌ని ఏదైనా ఫొటో సాఫ్ట్‌వేర్‌లో తెరిచి 300 డీపీఐకి మార్చండి. అది చాలకపోతే 2480 × 3508కి, అంటే ఏ4 సైజుకి పెంచండి. పుస్తకంలో అచ్చు వేసినట్టు వస్తుంది.”

మా జిరాక్స్ షాపుకి ఈ మెసేజ్ పట్టుకుని వచ్చేవాళ్లు తరచూ ఉంటారు. ఇందులో ఒక్కో మాటా తీసుకుని చూద్దాం.

మొదటిది, “72 డీపీఐలోనే సేవ్ అవుతాయి”. స్క్రీన్‌షాట్ అంటే తెర మీదున్న చుక్కల నకలు, అంతే. ఫోన్ తెరలో అడ్డంగా 1080, నిలువుగా 2400 పిక్సెల్స్ ఉంటే ఫైల్‌లోనూ సరిగ్గా అన్నే ఉంటాయి. ఫైల్‌లో ఉన్న సరుకు అదే. డీపీఐ అనేది దాని పక్కన రాసిపెట్టిన చీటీ లాంటిది: “ప్రింట్ తీస్తే అంగుళానికి ఇన్ని పిక్సెల్స్ పెట్టు” అని. 72 అనే అంకె 1984 నాటి మ్యాకింటోష్ తెర నుంచి వచ్చింది. దాని తెర మీద నిజంగానే అంగుళానికి 72 చుక్కలు ఉండేవి. విండోస్ 96 పట్టుకుంది. ఇవాళ్టి మీ ఫోన్ తెరకి ఈ రెండు అంకెలతోనూ సంబంధం లేదు.

రెండోది, “300కి మార్చండి”. నన్ను బాగా విసిగించేది ఇదే. నమ్మకం కుదరకపోతే ఇర్ఫాన్‌వ్యూ అనే ఫొటో సాఫ్ట్‌వేర్‌లో స్క్రీన్‌షాట్ తెరిచి కీబోర్డు మీద I నొక్కండి. రిజల్యూషన్ అంకె, దాని కిందుగా ప్రింట్ సైజు కనిపిస్తాయి. 1080 × 2400 ఫైల్‌కి అక్కడ 72 పెడితే ప్రింట్ సైజు 38.1 × 84.7 సెంటీమీటర్లు అంటుంది. 300 పెడితే 9.1 × 20.3 అంటుంది. పిక్సెల్స్ మాత్రం ఎప్పటిలా 1080 × 2400. ఒక్కటి కూడా పెరగలేదు. ఇప్పుడు ఆ రెండు ఫైళ్లనూ ‘ఫిట్ టు పేజ్’ పెట్టి ప్రింట్ ఇవ్వండి. ప్రింటర్ రెండింటినీ కాగితానికి సరిపెట్టేస్తుంది కాబట్టి వచ్చే రెండు కాగితాలకీ తేడా ఉండదు. ఆ అంకె పనికొచ్చే చోట్లు ఉన్నాయి: ‘యాక్చువల్ సైజ్’లో ప్రింట్ ఇచ్చినప్పుడు, వర్డ్‌లో బొమ్మ పెట్టగానే ఎంత పెద్దగా కనిపించాలో తేల్చేటప్పుడు. అదీ సైజు సంగతే, తేట సంగతి కాదు.

మూడోది, “2480 × 3508కి పెంచండి”. ఏ4 కాగితం 300 డీపీఐలో అన్ని పిక్సెల్స్ అవుతుందన్న లెక్క నిజమే. కానీ ఫోన్ స్క్రీన్‌షాట్ ఏ4 కంటే బాగా పొడుగు, సన్నం. బలవంతంగా ఆ కొలతల్లో కూర్చోబెడితే అక్షరాలు అడ్డంగా సాగి లావెక్కుతాయి. కొలతల నిష్పత్తి చెడకుండా పెంచినా, లేని పిక్సెల్స్‌ని సాఫ్ట్‌వేర్ పక్కవాటి రంగులు చూసి ఊహించి పూడుస్తుంది. మెట్లు మెట్లుగా ఉన్న అంచులు నున్నబడి మసకవుతాయి, అంతే. ఊడిపోయిన ఒత్తు తిరిగి రాదు.

మరి చూడాల్సింది ఏమిటి? ఒక్క అక్షరానికి ఎన్ని పిక్సెల్స్ దక్కాయన్నది. పెయింట్‌లో స్క్రీన్‌షాట్ తెరిచి, సెలెక్ట్ టూల్‌తో ఒక అక్షరం చుట్టూ గీత గీయండి. కింద స్టేటస్ బార్‌లో దాని కొలత పిక్సెల్స్‌లో కనిపిస్తుంది.

1366 × 768 ల్యాప్‌టాప్‌లో మామూలు జూమ్‌తో తీసిన ఒక వెబ్ పేజీని ఇలాగే కొలిచాను. ఇంగ్లిష్ చిన్న అక్షరం ‘a’ ఎత్తు 7 పిక్సెల్స్ వచ్చింది. ఏ4ని అడ్డంగా పెట్టి మార్జిన్లు పోనిస్తే 11 అంగుళాలు మిగులుతుంది. 1366ని 11తో భాగిస్తే అంగుళానికి 124 పిక్సెల్స్. అంటే ఆ అక్షరం కాగితం మీద దాదాపు 1.4 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. చదవగలం, కానీ మెట్లు కంటికి తెలుస్తాయి. మెసేజ్ చెప్పిన 300నే పట్టుకుంటే బొమ్మ మొత్తం 11.6 సెంటీమీటర్ల వెడల్పుకి కుదించుకుపోతుంది, అక్షరం 0.6 మిల్లీమీటర్లు అవుతుంది. నునుపుగానే ఉంటుంది, చదవడానికి భూతద్దం కావాలి. ఇంగ్లిష్‌కి ఏడు పిక్సెల్స్‌తో ఎలాగో గడుస్తుంది. తెలుగులో ‘ప’కీ ‘వ’కీ తేడా తలకట్టు దగ్గరి ఆ చిన్న సందులోనే ఉంది. ఒత్తులైతే అసలు అక్షరం కంటే చిన్నవి. ఆ కొలతలో రెండూ పూడుకుపోతాయి.

మందు ప్రింట్ దగ్గర లేదు, స్క్రీన్‌షాట్ తీసే ముందే ఉంది. బ్రౌజర్‌లో కంట్రోల్ కీ పట్టుకుని ప్లస్ నొక్కుతూ జూమ్‌ని 200 శాతానికి తెండి. ఇప్పుడు అదే ‘a’కి 14 పిక్సెల్స్ వస్తాయి. పేజీ ఒక్క తెరలో పట్టదు కాబట్టి రెండు మూడు ముక్కలుగా తీసి, వర్డ్‌లో ఒక్కో ముక్కని 14 సెంటీమీటర్ల వెడల్పుతో పెట్టండి. అక్షరం కాగితం మీద మళ్లీ 1.4 మిల్లీమీటర్లే, కానీ అంగుళానికి 248 పిక్సెల్స్‌తో. ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్లకైతే ఇంకా తేలిక. F12 నొక్కి కన్సోల్‌లో ఇది కొడితే పేజీ మొత్తం అడ్డంగానూ నిలువుగానూ మూడింతల పిక్సెల్స్‌తో వస్తుంది:

```
:screenshot --dpr 3 --fullpage
```

(ప్రింట్ మెనూలోంచి పీడీఎఫ్‌గా సేవ్ చేసుకునే వీలున్న పేజీకి స్క్రీన్‌షాటే అక్కర్లేదు. పీడీఎఫ్‌లో అక్షరాలు మామూలుగా అక్షరాలుగానే ఉంటాయి, పిక్సెల్స్‌గా మారవు.)

మొన్నో కుర్రాడు పరీక్ష ఫీజు కట్టిన రసీదు స్క్రీన్‌షాట్ చాట్‌లో పంపాడు. “అన్నా, 300 చేసి పంపాను, చూడు” అన్నాడు. తెరిచి చూస్తే 720 × 1600, జేపెగ్. అతని ఫోన్‌లో అసలుది 1080 × 2400, పీఎన్‌జీ. చాట్‌లో ఫొటోగా పంపేసరికి సగానికి పైగా పిక్సెల్స్ దారిలోనే పోయాయి. నిలువుగా 11 అంగుళాల్లో పెడితే అంగుళానికి 145 పడుతున్నాయి. దానికితోడు డార్క్ మోడ్. నల్లటి నేల మీద సన్నటి తెల్ల అంకెలున్నప్పుడు టోనర్ అన్ని వైపుల నుంచీ కాస్త కమ్ముతుంది. ట్రాన్సాక్షన్ నంబర్లో 8 ఏదో 6 ఏదో తేల్చుకోలేకపోయాం. బూడిద రంగు అక్షరాలదీ ఇదే బాధ. బ్లాక్ అండ్ వైట్ లేజర్ ప్రింటర్‌కి బూడిద రంగు లేదు, దాన్ని నల్ల చుక్కలు చల్లి చూపిస్తుంది. అంచు చెదిరినట్టు ఉంటుంది.

“యాప్‌లో లైట్ మోడ్ పెట్టి మళ్లీ తీయి తమ్ముడూ, ఫొటోగా కాదు, డాక్యుమెంట్‌గా పంపు” అన్నాను. ఈసారి 1080 × 2400 వచ్చింది. ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ తెరిస్తే డైమెన్షన్స్ వరుసలో ఆ కొలతే కనిపించింది. విండోస్ ప్రింట్ డబ్బాలో ‘ఫిట్ పిక్చర్ టు ఫ్రేమ్’ టిక్ తీసేశాను. అది ఉంటే కాగితం నింపడానికి పైనా కిందా కోసేస్తుంది, రసీదులో తేదీ ఉండేది సరిగ్గా అక్కడే. నిలువుగా 11 అంగుళాలు, అంగుళానికి 218 పిక్సెల్స్. వెడల్పు 12.6 సెంటీమీటర్లే, పక్కన కాగితం ఖాళీగానే ఉంది. నంబరంతా కుర్రాడు పైకి చదివాడు, ఎక్కడా ఆగలేదు. ఆ ఫైల్ మీద డీపీఐ ఎంత రాసుందో ఇద్దరం చూడనే లేదు.