కుజదోషం అనగానే జేబు తీయకండి, శ్లోకం పూర్తిగా చదవమనండి

శ్రావణం దగ్గర పడుతోందంటే హనుమకొండ, వరంగల్‌లో సంబంధాల హడావిడి మొదలవుతుంది. ఫొటోలు, బయోడేటాలు, వాటి వెనకాలే జాతకాలు. సరిగ్గా అప్పుడే ఇంకో వ్యాపారమూ ఊపందుకుంటుంది. "అమ్మాయికి కుజదోషం ఉంది, ముహూర్తం పెట్టుకునేలోపే శాంతి చేయించాలి, లేదంటే అల్లుడికి గండం." ఆ ఒక్క మాటతో ఇల్లంతా టెన్షన్. తల్లి "బిడ్డకు ఏమన్నయితే ఎట్ల?" అంటుంది, తండ్రి అప్పు కోసం ఫోన్లు మొదలుపెడతాడు. పూజల పేరుతో లక్షలు గుంజిన వార్తలు పాఠకులకు కొత్తవి కావు, వాటిని తిరగదోడను. నేను చెప్పదలుచుకున్నది ఒకటే. భయం అమ్మే జ్యోతిష్యుడిని పట్టుకోవడానికి జ్యోతిష్యాన్ని తిట్టాల్సిన పని లేదు. ఆయన సగంలో ఆపిన నియమాన్ని చివరిదాకా చెప్పమంటే చాలు.

ముందు లెక్క చూద్దాం. పుట్టిన సమయానికి తూర్పున ఉదయించే రాశి లగ్నం. మన దక్షిణాది పద్ధతిలో ఆ లగ్నం నుంచి 2, 4, 7, 8, 12 స్థానాల్లో కుజుడు ఉంటే కుజదోషం అంటారు. రాశులు పన్నెండు, దోషమున్న స్థానాలు ఐదు. అంటే ఊళ్లో నూటికి నలభై మందికి పైగా ఈ దోషంతోనే పుట్టారన్నమాట. కొందరు అక్కడితో ఆగరు. చంద్రుడి నుంచి, శుక్రుడి నుంచి కూడా లెక్కపెడతారు. మూడు చోట్లా తప్పించుకోవాలంటే ప్రతిసారీ పన్నెండింట ఏడు వంతుల అవకాశమే. ఆ మూడింటినీ గుణిస్తే మిగిలేది నూటికి ఇరవై. ఇది ఉజ్జాయింపు లెక్కే, గ్రహాలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా తిరుగుతాయనుకుని వేసినది. అయినా సంగతి అర్థమవుతుంది. ఐదొందల మంది భోజనం చేస్తున్న ఫంక్షన్ హాల్లో నాలుగొందల మందికి ఏదో ఒక లెక్కన కుజదోషం ఉంటుంది. వాళ్లలో ముప్పై ఏళ్లుగా కాపురం చేసుకుంటూ మనవళ్లను ఎత్తుకుని తిరిగేవాళ్లూ ఉంటారు.

అందుకే జ్యోతిష్యుడి ముందు కూర్చున్నప్పుడు మొదట అడగాల్సిన ప్రశ్న "దోషం ఉందా?" అన్నది కాదు, "ఈ దోషం ఎంతమందికి ఉంటుంది?" అన్నది. నిజంగా చదువుకున్నవాడు నవ్వి "చాలామందికి ఉంటుందమ్మా, దానికి మినహాయింపులూ ఉన్నాయి" అంటాడు. "లక్షమందిలో ఒకరికి వచ్చే జాతకం" అన్నవాడికి లెక్క రాదనుకోవాలి, లేదా మీకు రాదని ఆయన అనుకుంటున్నాడు.

ఆ మినహాయింపుల దగ్గరే అసలు దొంగతనం జరుగుతుంది. ఈ మధ్య ఒక కుటుంబం నాకు చూపించిన జాతకం చెబుతాను. అమ్మాయిది కర్కాటక లగ్నం, కుజుడు ఏడో ఇంట. ఏడో ఇల్లు అంటే కళత్ర స్థానం, పెళ్లి చూసేది అక్కడే. అక్కడ కుజుడు కూర్చున్నాడని చూపించి అయ్యగారు చేతిరాతతో ఒక చీటీ ఇచ్చాడు. కుజశాంతి 45 వేలు, పగడం ఉంగరం 15 వేలు, అరటిచెట్టుతో కదళీ వివాహం 8 వేలు. మొత్తం 68 వేలు. తొమ్మిది రోజుల్లో చేయించాలి, అడ్వాన్సు ఈ రోజే ఫోన్‌పే చేయాలి. పూజ సంగతి మగపెళ్లివారికి చెప్పకూడదు, ఇంకో జ్యోతిష్యుడికి చూపిస్తే ఫలితం పోతుంది.

ఇప్పుడు అదే జాతకాన్ని అదే శాస్త్రం ప్రకారం చదువుదాం. కర్కాటకం నుంచి ఏడోది మకరం. మకరం కుజుడికి ఉచ్చరాశి, అంటే ఆయన బలం అన్నిటికంటే ఎక్కువగా ఉండే చోటు. ఉచ్చలో ఉన్న కుజుడికి దోషం వర్తించదని మినహాయింపుల్లో చెబుతారు. కర్కాటక లగ్నానికి కుజుడు ఐదో ఇంటికీ పదో ఇంటికీ అధిపతి, అంటే ఆ లగ్నానికి యోగకారకుడు, మేలు చేసే గ్రహం. కర్కాటక, సింహ లగ్నాల వాళ్లకు కుజదోషం పట్టించుకోనక్కర్లేదన్నది రెండో మినహాయింపు. ఇంకో తమాషా ఉంది. ఉచ్చలోని కుజుడు ఏడో ఇల్లు లాంటి కేంద్ర స్థానంలో ఉంటే రుచక యోగం అంటారు, పంచ మహాపురుష యోగాల్లో అది ఒకటి. అంటే ఏ గ్రహస్థితిని శాస్త్రం మెచ్చుకుంటుందో, దాన్నే గండంగా చూపించి 68 వేలు అడిగారు. ఆ తండ్రి సైన్సు పుస్తకం తెరవాల్సిన పని లేదు. "కుజుడు ఏ రాశిలో ఉన్నాడు, అది ఆయనకు ఉచ్చా నీచా?" అని అడిగినా బేరం అక్కడే ఆగిపోయేది.

ఒకవేళ మినహాయింపు లేని జాతకమే అయినా 45 వేలు దేనికి? ఆ చీటీలో "కుజ జపం 7000, హోమం" అని ఉంది. కుజుడికి ఏడు వేల జపం అన్నది సంప్రదాయంలో ఉన్న లెక్కే, అందులో మోసం లేదు. కింద రాసిన టైము చూడండి, ఒక్క పంతులు, ఉదయం 9 నుంచి 11. కుజ జపానికి వాడే "అగ్నిర్మూర్ధా" మంత్రాన్ని స్వరం తప్పకుండా ఒకసారి చెప్పడానికి సుమారు ఎనిమిది సెకన్లు పడుతుంది. ఏడు వేల సార్లంటే పదిహేనున్నర గంటలు. నలుగురు ఋత్విక్కులు కూర్చున్నా దాదాపు నాలుగు గంటలు. ఒక్క మనిషి రెండు గంటల్లో ముగించాలంటే సెకనుకో మంత్రం పడాలి, హోమానికి టైమే మిగలదు. పెద్ద పూజ ఒప్పుకునే ముందు ఎంతమంది కూర్చుంటారు, ఎన్ని గంటలు, ఏ మంత్రం అని అడగండి. నిజంగా చేసేవాడికి ఈ ప్రశ్న కష్టం కాదు, పైగా తన శ్రమ తెలిసినవాళ్లు దొరికారని సంతోషిస్తాడు.

పైగా సంప్రదాయంలో కుజుడికి చెప్పిన దానం చాలా చిన్నది. కిలోంపావు కందులు, ఎర్ర గుడ్డ, తోచినంత దక్షిణ, మంగళవారం సుబ్రహ్మణ్య స్వామి దర్శనం. కొన్ని వందల్లో అయిపోతుంది. నమ్మకమైన జ్యోతిష్యుడు ఇక్కడి నుంచే మొదలుపెడతాడు, భయం అమ్మేవాడు ఉంగరం దగ్గర మొదలుపెడతాడు. జాతకం చూసే మనిషే పూజ కూడా అమ్ముతున్నాడా అన్నది నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద గుర్తు. చూసినందుకు ఇంత అని ముందే చెప్పి తీసుకుని, "శాంతి కావాలంటే మీకు నచ్చిన గుళ్లో చేయించుకోండి" అనేవాడికి మీ జాతకంలో దోషం ఉన్నా లేకపోయినా వచ్చేది ఒకటే. కాళేశ్వరంలోనో వేములవాడలోనో దేవస్థానం కౌంటర్లో టికెట్ తీసుకుంటే ధర దాని మీదే ఉంటుంది, చేతికి రశీదు వస్తుంది. చీటీ రాసిచ్చిన అయ్యగారి దగ్గర ఆ రెండూ ఉండవు.

ఇంకొక్క పరీక్ష. లగ్నం దాదాపు రెండు గంటలకొకసారి మారుతుంది. పుట్టిన టైము అరగంట అటూ ఇటూ అయితే లగ్నం పక్క రాశికి జారిపోవచ్చు, దాంతో కుజుడి స్థానమూ మారుతుంది. మంచివాడు "టైము ఎవరు రాశారు, ఆసుపత్రి కాగితంలో ఉందా, ఇంట్లో పెద్దవాళ్లు గుర్తుపెట్టుకున్నదా?" అని మొదటే అడుగుతాడు. పేరులో మొదటి అక్షరం వినగానే ఎనిమిదో ఇంట కుజుడున్నాడని చెప్పేవాడు జాతకం చూడలేదు, మీ ముఖం చూశాడు.

జ్యోతిష్యమే శాస్త్రీయం కానప్పుడు అందులో మంచి జ్యోతిష్యుడు, చెడ్డ జ్యోతిష్యుడు ఏమిటని హేతువాద మిత్రులు అడుగుతారు. వాళ్ల దగ్గర బలమైన ఆధారమే ఉంది. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ బృందం మహారాష్ట్రలో 27 మంది జ్యోతిష్యులకు తలా 40 జాతకాలు ఇచ్చి, వాటిలో చురుకైన విద్యార్థులవి ఏవో, మానసిక వైకల్యం ఉన్న పిల్లలవి ఏవో చెప్పమంది. సగటున 46 శాతం సరిపోయాయి. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది. ఈ ఫలితంతో నాకు పేచీ లేదు. కానీ రేపు ఉదయం జాతకం పట్టుకుని హనుమకొండ నక్కలగుట్టకు బయల్దేరే తండ్రిని ఈ లెక్క ఆపదు. ఎలాగూ వెళ్లేవాడికి ఇల్లు తాకట్టు పెట్టకుండా తిరిగొచ్చే దారి చెప్పాలి కదా.

ఇప్పటికే డబ్బు ఇచ్చి ఇరుక్కున్నవాళ్ల కోసం రెండు మాటలు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో మోసానికి 318వ సెక్షన్ ఉంది. దాంతో పాటు ఎవరూ పెద్దగా చెప్పుకోని 354వ సెక్షన్ కూడా ఉంది. చెప్పినట్టు చేయకపోతే తాను చేసే పనితో నీకు దైవాగ్రహం తగిలేలా చేస్తానని నమ్మించి మనిషి చేత ఏదైనా చేయిస్తే అది నేరం, ఏడాది వరకు జైలు. పాత ఐపీసీలో ఇది 508. దీనికో పరిమితి ఉంది. "నీ జాతకంలో గండం ఉంది" అన్నంత మాత్రాన ఈ సెక్షన్ పట్టదు. "మిగతా డబ్బు ఇవ్వకపోతే పూజను నీ ఇంటి మీదికే తిప్పుతా" అనే రకం బెదిరింపుకు పడుతుంది. అందుకే ఆ వాయిస్ మెసేజ్‌లు కోపంలో డిలీట్ చేయకండి. వీడియో చూసి ముఖం తెలియని మనిషికి డబ్బు పంపినవాళ్లయితే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ఇక నన్ను ఎక్కువ మండించే సంగతి. ఈ భయానికి బిల్లు ఎప్పుడూ ఆడపిల్ల ఇంటికే ఎందుకు వస్తుంది? కుజదోషానికి ఆధారంగా చూపించే ఆ పాత శ్లోకం స్థానాలు చెప్పాక రెండు ముక్కలు అంటుంది. స్త్రీ జాతకంలో ఉంటే భర్తకు నష్టం, పురుషుడి జాతకంలో ఉంటే భార్యకు నష్టం. రెండూ ఒకే వరుసలో ఉన్నాయి. మన దగ్గర ఆ రెండో ముక్క ఎక్కడా వినపడదు. అబ్బాయికి ఎనిమిదో ఇంట కుజుడున్నా హైదరాబాద్‌లో ఉద్యోగం ఉంటే అది దోషం కాకుండా పోతుంది. అరటిచెట్టుకు తాళి కట్టమని ఏ మగపిల్లాడి తల్లిదండ్రులను తొమ్మిది రోజుల గడువు పెట్టి తొందరపెట్టారో నాకు చూపించండి. కట్నం బేరంలో కూడా ఈ మాట పనికొస్తుంది. "దోషం ఉన్న పిల్లను చేసుకుంటున్నాం" అని ఇంకో రెండు లక్షలు అడగొచ్చు. అంటే జ్యోతిష్యుడు అక్కడ గ్రహం పేరు చెప్పి, ఆడపిల్ల తండ్రిని ఇంకాస్త వంగదీసే పని చేస్తున్నాడు. ముహూర్తాలు అయిపోతున్నాయని, మూఢం వస్తోందని తొందరపెట్టేది కూడా ఆ తండ్రినే.

కాబట్టి ఆడపిల్ల తల్లిదండ్రులు ఒక్క పని చేయాలి. అమ్మాయి జాతకం ఒక్కదాన్నే పట్టుకుని వెళ్లకండి, అబ్బాయిది కూడా తెప్పించుకుని రెండూ పక్కపక్కన పెట్టి, ఇద్దరికీ ఒకే కొలత వేయమనండి. ఇద్దరికీ దోషం ఉంటే ఒకదానికొకటి చెల్లు అన్నది కూడా వాళ్లు చెప్పే నియమమే. పైన చెప్పిన ఇంట్లో అబ్బాయి జాతకం పదో రోజున తెప్పించారు. కుజుడు పన్నెండో ఇంట ఉన్నాడు. అప్పటికి 20 వేల అడ్వాన్సు వెళ్లిపోయింది.